సంతకానికి ముందు ఒక లెక్క

ఏప్రిల్ నెల మొదటి రెండు వారాల్లో ఏ బ్యాంకు శాఖకు వెళ్లినా డిపాజిట్ల కౌంటర్ దగ్గర పెద్దవాళ్ల వరుస కనిపిస్తుంది. చేతిలో పాస్‌బుక్కు, పాన్ కార్డు జిరాక్సు, రెండు పేజీల కాగితం ఉంటాయి. ఆ కాగితమే ఫారం 15హెచ్. 'నాకు ఈ ఏడాది పన్ను పడదు, కాబట్టి నా డిపాజిట్ల వడ్డీలో పన్ను పట్టుకోవద్దు' అని అరవై నిండిన డిపాజిటరు బ్యాంకుకు రాసిచ్చే ప్రకటన అది. చాలా శాఖల్లో జరిగేది ఏమిటంటే, 'మాస్టారూ, ఇక్కడా ఇక్కడా సంతకం పెట్టేయండి, మిగతాది మేం నింపుకుంటాం' అంటారు. మాస్టారు కళ్లజోడు సవరించుకుని సంతకం పెట్టేసి ఇంటికి వెళ్లిపోతారు. అందులో ఏం రాసి ఉందో ఆయన చూడరు. తన మొత్తం ఆదాయం ఎంతని రాశారో కూడా తెలియదు.

దీనికి పూర్తిగా వ్యతిరేకంగా నడుచుకునేవాళ్లూ ఉన్నారు. 'నాకు పింఛనే ఏడాదికి అయిదు లక్షలు దాటింది, నేనెలా ఇస్తాను 15హెచ్' అనుకుని మానేస్తారు. బ్యాంకు వడ్డీలో పదో వంతు కోసుకుంటుంది. ఆ డబ్బు తిరిగి రావాలంటే రిటర్ను వేసి, రిఫండు కోసం నెలల తరబడి ఎదురు చూడాలి. నా ఉద్దేశంలో ఇవాళ ఈ రెండో రకం వాళ్లే ఎక్కువ నష్టపోతున్నారు. పన్ను నిబంధనలు రెండు మూడేళ్లలో బాగా మారాయి, మన చెవిలో ఉన్న లెక్కలు మాత్రం పాతవే.

అసలు బ్యాంకు పన్ను ఎందుకు పట్టుకుంటుందో ముందు చూద్దాం. ఆదాయపు పన్ను చట్టంలోని 194ఏ సెక్షన్ ప్రకారం ఫిక్స్‌డ్ డిపాజిట్లు, రికరింగ్ డిపాజిట్ల మీద ఇచ్చే వడ్డీ ఒక పరిమితి దాటితే బ్యాంకు పది శాతం టీడీఎస్ పట్టుకుని ప్రభుత్వానికి జమ చేయాలి. సీనియర్ సిటిజన్లకు ఈ పరిమితి చాలాకాలం 50 వేల రూపాయలు. 2025 ఏప్రిల్ 1 నుంచి దాన్ని లక్ష రూపాయలు చేశారు. పరిమితి ఒక్కో బ్యాంకుకు విడివిడిగా వర్తిస్తుంది, కానీ ఆ బ్యాంకులోని అన్ని శాఖల డిపాజిట్లనూ కలిపి చూస్తారు. సేవింగ్స్ ఖాతా వడ్డీ మీద టీడీఎస్ లేదు. పాన్ నంబరు ఇవ్వకపోయినా, ఉన్న పాన్ చెల్లుబాటులో లేకపోయినా పది కాస్తా ఇరవై శాతం అవుతుంది. అలాంటప్పుడు 15హెచ్ ఇచ్చినా ప్రయోజనం ఉండదు.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. వడ్డీ లక్ష దాటితే, దాటిన భాగం మీదే కోత పడుతుందనుకుంటారు. అలా కాదు. లక్షా నలభై వేలు వస్తే నలభై వేల మీద కాకుండా మొత్తం లక్షా నలభై వేల మీదా పది శాతం పోతుంది. అంటే 14 వేలు. పైగా చాలా బ్యాంకుల్లో కంప్యూటరు ఏడాదికి రాబోయే వడ్డీని ముందే అంచనా కట్టి, పరిమితి దాటుతుందని తేలితే మొదటి మూడు నెలల వడ్డీ నుంచే కోత మొదలుపెడుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుని లెక్క చేద్దాం. 66 ఏళ్ల రిటైర్డ్ హైస్కూల్ మాస్టారు ఒకాయన ఉన్నారనుకుందాం. ట్రెజరీ నుంచి నెలకు 42 వేల పింఛను. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో 20 లక్షలు ఒక బ్యాంకులో ఏడు శాతం వడ్డీకి వేశారు. మూడు నెలలకోసారి 35 వేలు చేతికొస్తుంది, ఏడాదికి 1,40,000. ఇంకో బ్యాంకులో 6 లక్షలున్నాయి, దాని మీద 42 వేలు. సేవింగ్స్ ఖాతా వడ్డీ ఆరు వేలు. ఇవి తప్ప ఆయనకు వేరే ఆదాయం లేదు. మొదటి బ్యాంకులో ఆయన ఏ కాగితమూ ఇవ్వలేదు కాబట్టి జూన్ నెలాఖరున పాస్‌బుక్కులో 35,000 జమ, దాని కిందనే 3,500 టీడీఎస్ అని ఖర్చు కనిపిస్తాయి. చేతికొచ్చింది 31,500. సెప్టెంబరులోనూ అంతే, డిసెంబరులోనూ అంతే, మార్చిలోనూ అంతే.

ఈయనకు నిజంగా పన్ను పడుతుందా? 2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త పన్ను విధానంలో చూద్దాం. ఎవరూ ప్రత్యేకంగా కోరకపోతే వర్తించేది ఇదే. ఏడాది పింఛను 5,04,000. అందులో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే 4,29,000. దానికి రెండు బ్యాంకుల వడ్డీలు, సేవింగ్స్ వడ్డీ కలిపి 1,88,000 చేరిస్తే 6,17,000. నాలుగు లక్షల దాకా పన్ను లేదు. మిగిలిన 2,17,000 మీద అయిదు శాతం అంటే 10,850. అయితే మొత్తం ఆదాయం 12 లక్షలు మించని వాళ్లకు 87ఏ కింద 60 వేల దాకా రిబేటు ఉంది. ఆ 10,850 మొత్తం రిబేటులో కరిగిపోతుంది. కట్టాల్సిన పన్ను సున్నా. అంటే మాస్టారు ధీమాగా 15హెచ్ ఇవ్వవచ్చు. ఇవ్వకపోతే అనవసరంగా 14 వేలు ప్రభుత్వం దగ్గర పెట్టి, మళ్లీ అడుక్కోవాలి.

ఇవే అంకెలు పాత విధానంలో వేసి చూడండి. స్టాండర్డ్ డిడక్షన్ 50 వేలే. మొత్తం ఆదాయం 6,42,000 అవుతుంది. సీనియర్లకు డిపాజిట్ల వడ్డీ మీద 80టీటీబీ కింద 50 వేల మినహాయింపు పోతే 5,92,000. అక్కడ పూర్తి రిబేటు అయిదు లక్షలలోపు వాళ్లకే కాబట్టి, 80సీ లాంటి పొదుపులేవీ లేకపోతే సెస్సుతో కలిపి 29,536 రూపాయలు పన్ను పడుతుంది. అప్పుడు 15హెచ్ ఇవ్వకూడదు. మనవాళ్ల బుర్రల్లో నాటుకుపోయింది ఈ పాత లెక్కే. ఒకప్పుడు ఇవ్వలేని మనిషి ఇప్పుడు ఇవ్వగలిగే స్థితికి వచ్చాడు, ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఫారంలో మీరు ఏ విధానంలో లెక్క కట్టారన్న గడి ఉండదు. ఆ ఎంపిక రిటర్నులో చేస్తారు. కాబట్టి పన్ను సున్నా అని కొత్త విధానంలో లెక్క కట్టి 15హెచ్ ఇచ్చినవాళ్లు, రిటర్ను దగ్గరికొచ్చేసరికి అలవాటు కొద్దీ పాత విధానం ఎంచుకోకూడదు. చెప్పినదీ చేసినదీ ఒకటిగా ఉండాలి.

ఇక్కడే కౌంటర్ దగ్గర ఒక తకరారు వస్తుంటుంది. కొందరు సిబ్బంది ఫారంలో 6,17,000 అన్న అంకె చూడగానే 'మీ ఆదాయం నాలుగు లక్షలు దాటింది కదండీ, ఇది తీసుకోకూడదు' అంటారు. వాళ్ల మాటలో కొంత నిజం ఉంది. ఒకప్పుడు నియమం అలాగే ఉండేది. 2019 మే నెలలో కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు ఆ ఫారం కిందనున్న సూచనను సవరించింది. ఆదాయం మినహాయింపు పరిమితి దాటినా, 87ఏ రిబేటు లెక్కలోకి తీసుకున్నాక పన్ను సున్నా అయితే ఆ ప్రకటనను బ్యాంకు అంగీకరించాల్సిందేనని అందులో చేర్చారు. ఈ మాట ఫారం చివర ఉన్న సూచనల్లోనే అచ్చయి ఉంటుంది. గొడవ పడాల్సిన పనిలేదు, కాగితం తిప్పి ఆ పేరా మీద వేలు పెట్టి మేనేజరుకు చూపిస్తే చాలు.

ఇప్పుడు ఫారంలోకి వెళదాం. పేరు, పాన్, పుట్టిన తేదీ, చిరునామా ఎలాగూ రాస్తారు. పేరు పాన్ కార్డులో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు ముందా వెనకా అన్న చిన్న తేడాతో ఫారం కంప్యూటరులోకి ఎక్కక పక్కన పడిపోయే సందర్భాలున్నాయి. ఆ తర్వాత 'ప్రీవియస్ ఇయర్' అని ఒక గడి ఉంటుంది. దాన్ని చూసి నిన్నటి ఏడాది రాసేస్తారు చాలామంది. చట్టం భాషలో అది ఆదాయం వచ్చే ఏడాది. అంటే 2025 ఏప్రిల్‌లో ఇచ్చే ఫారంలో రాయాల్సింది 2025-26. అక్కడ 2024-25 అని రాస్తే, ముగిసిపోయిన ఏడాదికి ప్రకటన ఇచ్చినట్టు అవుతుంది, కోత ఆగదు.

అసలు ప్రాణం ఉన్నది మూడు అంకెల్లో. మొదటిది, ఈ ఫారం ఏ ఆదాయం గురించి ఇస్తున్నారో ఆ అంచనా. మన మాస్టారికి ఆ బ్యాంకులో 1,40,000. రెండోది, ఏడాది మొత్తం ఆదాయం అంచనా. ఇందులో పింఛను, అన్ని బ్యాంకుల వడ్డీ, అద్దెలు ఉంటే అవి, అన్నీ చేరాలి. మినహాయింపులు పోగా మిగిలే 6,17,000 ఇక్కడ రాయాలి. పింఛను మరిచిపోయి 1,40,000 అనే ఇక్కడా రాసేవాళ్లు కోకొల్లలు. సంతకం పెట్టిన ఖాళీ ఫారాన్ని కౌంటర్లో నింపితే సాధారణంగా జరిగేది ఇదే, ఎందుకంటే ఆ గుమాస్తాకు మీ ట్రెజరీ పింఛను సంగతి తెలియదు. మూడోది, ఈ ఏడాది ఇంకెక్కడైనా 15హెచ్ ఇచ్చారా, ఇస్తే ఎన్ని, వాటన్నిటిలో కలిపి ఎంత ఆదాయం అన్నది. మాస్టారి రెండో బ్యాంకులో వడ్డీ లక్షలోపే కాబట్టి అక్కడ ఫారం ఇవ్వక్కర్లేదు. జాగ్రత్త కోసం అక్కడా ఇచ్చారనుకోండి, రెండో ఫారంలో 'ఇతర ఫారాలు 1, మొత్తం 1,40,000' అని రాయాలి.

చివర్లో ఒక పట్టిక ఉంటుంది. ఒక్కో డిపాజిట్ నంబరు, అది ఏ రకం ఆదాయం, ఏ సెక్షన్, ఎంత అన్నవి అందులో రాయాలి. సెక్షన్ దగ్గర 194ఏ. ఈ పట్టికను నిర్లక్ష్యం చేయకూడదు. ఆగస్టులో పాత డిపాజిట్ గడువు తీరి కొత్త నంబరుతో మళ్లీ వేస్తే, ఆ కొత్త నంబరు మీ ఫారంలో లేదు. కొన్ని బ్యాంకుల్లో ఫారం ఖాతాదారుడి నంబరుకు ముడిపడి ఉంటుంది, అక్కడ కొత్త డిపాజిట్లు వాటంతటవే చేరతాయి. కొన్నిచోట్ల డిపాజిట్ల వారీగా పట్టించుకుంటారు. మీ బ్యాంకులో పద్ధతి ఏమిటో అడిగి తెలుసుకోవడం, కొత్త డిపాజిట్ వేసిన రోజే ఇంకో ఫారం ఇవ్వడం మంచిది.

ఖాతాదారుడి నంబరు దగ్గర మన రాష్ట్రాల వాళ్లకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో, ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయాయి. విలీనానికి ముందే రెండు బ్యాంకుల్లోనూ ఖాతాలున్నవాళ్లకు, తర్వాత ఒకే బ్యాంకులో రెండు కస్టమర్ నంబర్లు మిగిలే అవకాశం ఉంది. ఒకప్పుడు రెండు బ్యాంకులకు రెండు పరిమితులుండేవి, ఇప్పుడు రెండు చోట్ల వడ్డీ కలిపి ఒకే లక్ష. ఒక నంబరు మీద 15హెచ్ ఇచ్చి ఊరుకుంటే రెండో నంబరు కింది డిపాజిట్‌లో కోత పడవచ్చు. ఏ బ్యాంకు విలీనమైనా ఈ ఇబ్బంది ఇలాగే ఉంటుంది. శాఖకు వెళ్లి రెండు నంబర్లనూ కలిపేయమని రాతపూర్వకంగా అడిగితే శాశ్వతంగా తీరిపోతుంది.

పట్టుకోకుండా చూసుకోవాల్సిన సమయం ఏప్రిల్. ఫారం ఒక ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది, ఏటా కొత్తగా ఇవ్వాలి. సెప్టెంబరులో గుర్తొచ్చి ఇస్తే అప్పటినుంచి ఆగుతుంది తప్ప, జూన్‌లో కోసినది బ్యాంకు తిరిగివ్వదు. ఇవ్వలేదు కూడా, ఎందుకంటే ఒక నెలలో పట్టుకున్న పన్నును మామూలుగా మరుసటి నెల 7వ తేదీలోపు ప్రభుత్వానికి కట్టేస్తుంది. ఆ తర్వాత అది మీ పాన్ మీద జమ అయిన డబ్బు. ఆదాయపు పన్ను వెబ్‌సైటులో 26ఏఎస్‌లో కనిపిస్తుంది, రిటర్ను వేస్తేనే తిరిగొస్తుంది.

క్యుములేటివ్ డిపాజిట్ల విషయంలో ఒక మాట. అయిదేళ్ల తర్వాత ఒకేసారి చేతికొచ్చే డిపాజిట్‌కు వడ్డీ కూడా అయిదేళ్ల తర్వాతే లెక్క అనుకుంటారు. బ్యాంకు మాత్రం ఏటా మార్చి 31కి పెరిగిన వడ్డీని మీ పేరున జమ చూపి దాని మీద పన్ను పట్టుకుంటుంది. చేతికి రూపాయి రాకపోయినా కోత కనిపించేది అందుకే. అంచనా వేసేటప్పుడు ఈ వడ్డీని కూడా కలపాలి. లెక్క తేలకపోతే, ఈ ఏడాది ఎంత వడ్డీ జమ కాబోతోందో కాగితం మీద రాసివ్వమని బ్యాంకును అడగండి.

ఫారం ఇచ్చాక రసీదు తీసుకోవడం తప్పనిసరి. 15జీ, 15హెచ్ తీసుకున్నప్పుడు రసీదు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. బ్యాంకు ప్రతి ఫారానికీ ఒక ప్రత్యేక గుర్తింపు సంఖ్య వేసి, ఆ వివరాలను ఆదాయపు పన్ను శాఖకు పంపుతుంది. 15హెచ్ సంఖ్య 'హెచ్' అక్షరంతో మొదలవుతుంది. నెట్ బ్యాంకింగ్‌లో ఇచ్చేవాళ్లు తెరమీద వచ్చే ఆ నంబరు దాచుకుంటే చాలు. రసీదు ఉండీ కోత పడితే బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. రసీదు లేకపోతే మీ మాట, వాళ్ల మాట అవుతుంది.

ఇక్కడ ఒక అపోహ తీరాలి. 15హెచ్ ఇస్తే ఆ వడ్డీ గురించి పన్ను శాఖకు తెలియదనుకునేవాళ్లు ఉన్నారు. నిజానికి ఆ కాగితం ద్వారానే వాళ్లకు తెలుస్తుంది. వడ్డీ మొత్తం మీ వార్షిక సమాచార పత్రం ఏఐఎస్‌లో చేరిపోతుంది. అలాగే 15హెచ్ ఇచ్చినంత మాత్రాన రిటర్ను వేసే పని తప్పదు. కొత్త విధానంలో ఆదాయం నాలుగు లక్షలు దాటితే, పన్ను సున్నా అయినా సరే రిటర్ను వేయాలి. మన మాస్టారు కోత ఆపించుకున్నా రిటర్ను వేయాల్సిందే. 75 ఏళ్లు నిండి, పింఛనూ దాన్ని జమ చేసే బ్యాంకులోనే వడ్డీ తప్ప వేరే ఆదాయం లేనివాళ్లకు మాత్రం, నిర్దేశిత బ్యాంకుకు 12బీబీఏ ప్రకటన ఇస్తే బ్యాంకే లెక్క కట్టి పన్ను పట్టుకునే ఏర్పాటు ఉంది. వాళ్లకు రిటర్ను అక్కర్లేదు. ఇంకో సంగతి, ఈ ఫారం పింఛను మీద ట్రెజరీ పట్టే పన్నును ఆపదు. అది వేరే సెక్షన్.

ఏడాది మధ్యలో అంచనా తలకిందులైతే? మాస్టారు నవంబరులో పాత ఇంటి స్థలం అమ్మారు, లాభం అయిదు లక్షలు వచ్చింది అనుకుందాం. మొత్తం 11,17,000. పన్నెండు లక్షల లోపే కదా, రిబేటు వస్తుందనుకుంటారు. మామూలు ఆదాయం మీది 10,850కి వస్తుంది. స్థలం మీది దీర్ఘకాలిక లాభానికి రిబేటు వర్తించదు. 12.5 శాతం చొప్పున 62,500, సెస్సుతో 65 వేలు కట్టాలి. పన్ను ఇక సున్నా కాదు కాబట్టి ఏప్రిల్‌లో ఇచ్చిన ప్రకటన అక్కడితో చెల్లదు. ఫారం ఉపసంహరించుకుంటున్నానని బ్యాంకుకు రాసి ఇవ్వాలి. ఏప్రిల్‌లో మంచి మనసుతో ఇచ్చిన అంచనాను ఎవరూ తప్పుపట్టరు. వ్యాపార ఆదాయం లేని సీనియర్ సిటిజన్లకు అడ్వాన్సు ట్యాక్సు బాధ్యత కూడా లేదు. కాబట్టి ఆ 65 వేలు రిటర్ను గడువులోగా కడితే సరిపోతుంది. షేర్లు, మ్యూచువల్ ఫండ్లు అమ్మేవాళ్లు కూడా ఇదే చూసుకోవాలి. డీఆర్ బకాయిలు, పీఆర్‌సీ ఏరియర్లు ఒకేసారి పడే ఏడాది మొత్తం ఆదాయం 12 లక్షలు దాటుతుందేమో చూసుకోవడం అవసరం. 12 లక్షల పది వేలు వచ్చినా, ఆ పైనున్న పది వేల మేరకు పన్ను కట్టాలి, పన్ను ఉంది కాబట్టి 15హెచ్ కుదరదు.

తెలిసీ అబద్ధం రాస్తే మాత్రం చిక్కే. తప్పుడు ప్రకటనకు చట్టంలోని 277 సెక్షన్ కింద మూడు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు, జరిమానా ఉన్నాయి. ఎగవేసిన పన్ను 25 లక్షలు దాటితే అది ఏడేళ్ల దాకా పోతుంది. పింఛనుదారులను పట్టుకుని జైల్లో వేస్తారని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. మీ సంతకం కిందనున్న మాటలు అంత బరువైనవి, ఖాళీ ఫారం మీద పెట్టేవి కావు.

భార్య పేరున డిపాజిట్ల గురించి చెప్పకపోతే ఈ వ్యాసం సగమే. మన ఇళ్లలో రిటైర్మెంటు డబ్బులో కొంత ఆవిడ పేరున వేయడం మామూలు. గ్రాట్యుటీలోంచి 15 లక్షలు ఆమె పేరున వేశారు, ఏడు శాతం చొప్పున 1,05,000 వడ్డీ. ఆమెకు వేరే ఆదాయం లేదు, 15హెచ్ ఇచ్చేశారు, పని అయిపోయిందనుకున్నారు. చట్టం మాత్రం ఆ డబ్బు ఎవరిదో చూస్తుంది. భర్త ఇచ్చిన డబ్బు మీద వచ్చే వడ్డీ భర్త ఆదాయంలోనే కలుస్తుంది. మన మాస్టారి లెక్కలో కలిపితే 7,22,000 అవుతుంది, అప్పుడూ పన్ను సున్నాయే కాబట్టి గండం గడిచింది. భర్త ఆదాయం పదకొండున్నర లక్షల దగ్గరున్న ఇంట్లో మాత్రం ఇదే లక్షా అయిదు వేలు ఆయన్ను పన్ను పరిధిలోకి నెట్టేస్తుంది. ఆమె తన జీతంలో దాచుకున్న డబ్బు, పుట్టింటి నుంచి వచ్చిన డబ్బు ఇలా కలవవు. జాయింటు డిపాజిట్ అయితే బ్యాంకు మొదటి పేరున్నవాళ్ల పాన్ మీద వడ్డీ చూపిస్తుంది, ఫారం కూడా వాళ్లే ఇవ్వాలి.

వయసు విషయంలో కొంత వెసులుబాటు ఉంది. ఆ ఆర్థిక సంవత్సరంలో ఏ రోజున అరవై నిండినా ఆ ఏడాది మొత్తానికి 15హెచ్ చెల్లుతుంది. అరవై నిండని వాళ్లకు, ముఖ్యంగా చిన్న వయసులోనే ఫ్యామిలీ పెన్షన్ తీసుకుంటున్న ఆడవాళ్లకు, 15జీ అనే వేరే ఫారం. దాని షరతులు కఠినం. పన్ను సున్నా కావడమొక్కటే చాలదు, ఫారాల్లో చూపిన వడ్డీ మొత్తం కూడా మినహాయింపు పరిమితి దాటకూడదు. ఫ్యామిలీ పెన్షన్‌కు 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ వర్తించదు. పెన్షన్‌లో మూడో వంతు, 25 వేలు, ఈ రెండిటిలో ఏది తక్కువైతే అది కొత్త విధానంలో తీసేస్తారు. అరవై దాటిన ఫ్యామిలీ పెన్షనర్లు 15హెచ్ నింపేటప్పుడు ఈ తేడా మరచిపోకూడదు.

పిల్లల దగ్గర ఉండటానికి అమెరికాకు, ఆస్ట్రేలియాకు వెళ్లే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు కాబట్టి ఒక మాట. 15హెచ్ భారత నివాసులకే. ఏటా కొన్ని నెలలు వెళ్లి వచ్చేవాళ్లు సాధారణంగా నివాసులుగానే ఉంటారు, మార్చిలో విమానం ఎక్కుతుంటే ఏప్రిల్‌లో నెట్ బ్యాంకింగ్‌లో ఫారం ఇవ్వడం ఎలాగో ముందే చూసుకుంటే చాలు. అక్కడే స్థిరపడి ఎన్ఆర్ఐ అయిపోయినవాళ్ల ఖాతాలు ఎన్ఆర్ఓగా మారాలి. ఆ వడ్డీ మీద టీడీఎస్ సాధారణంగా 30 శాతం, 15హెచ్ దాన్ని ఆపదు.

ఇక్కడ ఇచ్చిన అంకెలు 2025-26 ఆర్థిక సంవత్సరానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 నాటి కొత్త చట్టం అమల్లోకి వస్తుంది, దాంతో సెక్షన్ల వరుస మారుతుంది. కౌంటర్లో ఇచ్చే ఫారం మీద అంకె వేరుగా ఉంటే కంగారు పడకండి. ఏప్రిల్‌లో బ్యాంకుకు వెళ్లే ముందు రోజు రాత్రి ఒక తెల్ల కాగితం మీద పింఛను, అన్ని చోట్ల వడ్డీ, అద్దె ఏదైనా ఉంటే అది రాసి, ఆ ఏడాది శ్లాబులతో పన్ను తేల్చుకోండి. సున్నా వస్తే ఆ కాగితాన్ని రసీదుతో కలిపి పిన్ను చేసి పెట్టండి. రాకపోతే ఫారం ఇవ్వకండి, బ్యాంకు పట్టుకున్నది మీరు కట్టాల్సిన పన్నులోనే తగ్గుతుంది.